అరవై నాలుగా, అరవై అయిదా

పైలట్లకు డ్యూటీలు వేయడం నా ఉద్యోగం. ఎవరు ఏ రోజు ఏ విమానం నడపాలి, దిగిన చోట ఎంతసేపు విశ్రాంతి తీసుకోవాలి, ఎవరి మెడికల్ సర్టిఫికెట్ గడువు ఎప్పుడు తీరిపోతుంది అన్నవన్నీ చూసి నెలనెలా రోస్టర్ తయారుచేస్తాం. మా ఆఫీసు శంషాబాద్‌లో ఉంది. నేను పుట్టి పెరిగింది పురానాపూల్ దగ్గర. బాపు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాక జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టాడు. షిఫ్టు ఉన్న రోజు కంపెనీ క్యాబ్ ఆ ఇంటి సందు మొదట్లోకి వచ్చి నిలబడుతుంది. పాతబస్తీ నుంచి వచ్చి విమానాల కంపెనీలో పనిచేస్తున్నానంటే, నేను కూడా విమానంలో తిరుగుతుంటానని మా బంధువులు చాలాకాలం అనుకున్నారు. నేను తిరిగేది కుర్చీలోనే. నా ముందు మూడు కంప్యూటర్ తెరలు, గోడ మీద వరుసగా నాలుగు గడియారాలు ఉంటాయి.

ఆ గడియారాల వల్ల నాకొకసారి పెద్ద చిక్కు వచ్చింది.

ప్రయాణికులను మోసే అంతర్జాతీయ విమానాన్ని అరవై అయిదో పుట్టినరోజు వచ్చిన పైలట్ నడపకూడదు. ఇది మా కంపెనీ పెట్టుకున్న రూలు కాదు, అన్ని దేశాలూ కలిసి పెట్టుకున్నది. ఎంత అనుభవం ఉన్నా, ఒళ్లు ఎంత గట్టిగా ఉన్నా, ఆ రోజుతో అది ఆగిపోతుంది. మా దగ్గర ఒక కెప్టెన్‌కు ఆ రోజు దగ్గరపడింది. నాకు తెలిసిన పైలట్లలో మాట తక్కువ, మర్యాద ఎక్కువ ఉన్న మనిషి ఆయన. ఆయనదీ పాతబస్తీయే. వాళ్లది తరాలనాటి ఇత్తడి సామాన్ల వ్యాపారం. ఆయన బెంగళూరులో స్థిరపడినా, వాళ్ల అక్క ఇప్పటికీ మొఘల్‌పురాలో పాత ఇంట్లోనే ఉంటుంది. నేను పురానాపూల్ పిల్లనని తెలిసిన రోజు నుంచి ఆయన నాతో ఫోన్లో ఇంగ్లీషు మానేసి మా మాటే మాట్లాడేవాడు.

ఆయన పుట్టినరోజు నెలలో పదిహేనో తేదీ. తన చివరి ట్రిప్పు పద్నాలుగున ఇవ్వమని ఆయన ముందే అడిగి పెట్టుకున్నాడు. బెంగళూరు నుంచి పసిఫిక్ సముద్రం మీదుగా అమెరికా పడమటి తీరానికి వెళ్లే విమానం అది. పద్నాలుగు మధ్యాహ్నం రెండుకు ఇక్కడ లేస్తుంది, దాదాపు పదహారు గంటలు పోతుంది, అక్కడ దిగేసరికి ఇంకా పద్నాలుగు సాయంత్రమే. తిరుగు ప్రయాణంలో ఆయన ప్రయాణికుడిగా వస్తాడు. రోస్టర్ సాఫ్ట్‌వేర్ ఆయన పేరు పక్కన పచ్చగుర్తు పెట్టింది. మా మేనేజర్ దాన్ని ప్రచురించడానికి సిద్ధం చేసి, ఒకసారి సరిచూడమని నాకు పంపాడు.

నేను పద్నాలుగో తేదీ వరుస దగ్గర ఆగాను. పచ్చగుర్తు మీద కాదు, గోడ మీద రెండో గడియారం మీద నా చూపు నిలిచింది. అది యూటీసీ గడియారం. లోకంలో విమానాల లెక్కలన్నీ ఆ టైములోనే రాస్తారు. అది మన టైముకు అయిదున్నర గంటలు వెనకగా నడుస్తుంది. కాగితం తీసుకుని ఆ విమానం ప్రయాణాన్ని ఒక్కో గడియారంలో వేసి చూశాను.

మన గడియారం ప్రకారం ఆ విమానం దిగేది పదిహేనో తేదీ పొద్దున ఆరింటికి. అంటే పది గంటలు ఎగిరాక, ఇంకా ఆరు గంటల దారి ఉండగానే ఇండియాలో పదిహేను మొదలవుతుంది. యూటీసీలో చూస్తే దిగడానికి అరగంట ముందు పదిహేను మొదలవుతుంది. ఇక విమానం కింద ఉన్న చోటి గడియారం తీసుకుంటే మరీ చిత్రంగా ఉంది. తూర్పుకు పోతున్నకొద్దీ అక్కడి టైము మనకంటే ముందుకు పోతుంది కాబట్టి, జపాన్ చేరేసరికే అర్ధరాత్రి గడిచి పదిహేను వచ్చేస్తుంది. కొన్ని గంటల తర్వాత దినరేఖ, అంటే పసిఫిక్ నడుమ తేదీ మార్చుకునే గీత, దాటగానే తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది. మళ్లీ పద్నాలుగే. ఆ లెక్కన కెప్టెన్‌కు గాలిలో అరవై అయిదు వచ్చి, గీత దాటాక మళ్లీ అరవై నాలుగు కావాలి.

సాఫ్ట్‌వేర్ ఇదేదీ చూడలేదు. లేచిన ఊళ్లో తేదీ ఎంత, దిగిన ఊళ్లో తేదీ ఎంత అని మాత్రమే చూసింది. రెండు చోట్లా పద్నాలుగే ఉంది కాబట్టి పచ్చగుర్తు పెట్టింది.

కెప్టెన్‌కు ఫోన్ చేశాను. ఆయన అంతా విని నెమ్మదిగా నవ్వాడు.

"నువ్వు పట్టుకుంటవని నాకెరుకే," అన్నాడు. "నేను కూడా లెక్క వేసుకున్న బేటీ. ఎక్కేటప్పుడు పద్నాలుగు, దిగేటప్పుడు పద్నాలుగు. నడుమ సముద్రంల తారీఖు ఎవడు చూస్తడు?"

"సార్, మన టైముల మీకు దారిలనే అరవై అయిదు అయితది."

"ఎట్ల అయితది? నేను పుట్టింది పదిహేను రాత్రి. పన్నెండు కొట్టడానికి పది నిమిషాలు తక్కువ. ఆ లెక్కన పదిహేను రాత్రి దాకా నాకు అరవై అయిదు నిండవు. అప్పటికి నేను అక్కడ హోటల్ల నాష్తా చేస్తుంట."

ఆయన చెప్పింది తప్పు కాదు. పుట్టిన ఘడియ నుంచి గంటలు లెక్కపెడితే, మన పదిహేను రాత్రి పన్నెండుకు పది నిమిషాల ముందు అంటే అక్కడ పదిహేను ఉదయం పదిన్నర కావస్తుంటుంది. విమానం దిగి ఒక రాత్రి గడిచిపోతుంది. ఇటు గంటల లెక్క ఆయన వైపు ఉంది. అటు దినరేఖ కూడా ఆయన వైపే ఉంది.

"లైసెన్సు మీద పుట్టిన టైము ఉండదు సార్," అన్నాను. "తారీఖే ఉంటది. రూలు కూడా పుట్టినరోజు అనే అంటది, పుట్టిన ఘడియ అనదు. రోజు మొదలైతే పుట్టినరోజు మొదలైనట్టే. పొద్దున పుట్టినోళ్లకు ఒక రూలు, రాత్రి పుట్టినోళ్లకు ఒక రూలు లేదు."

"సరే, రోజే అనుకో. ఎక్కడి రోజు? రూలు ఆ ముచ్చట చెప్తదా?"

మా కంపెనీ మాన్యువల్‌లో ఆ వాక్యం దగ్గర ఏ గడియారమో రాసి లేదు. అప్పటిదాకా ఎవరికీ అవసరం పడలేదు.

"చెప్పదు సార్. అందుకే నేను ఒప్పుకోలేకపోతున్న," అన్నాను.

"నీ పని నువ్వు చెయ్యి," అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులభంగా ఉండేది.

మేనేజర్ దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను పైలట్ల విభాగం పెద్ద దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కూడా కెప్టెనే, కంపెనీలో మా కెప్టెన్ కంటే జూనియర్. నా కాగితం చూసి పక్కన పెట్టాడు.

"ముప్పై ఎనిమిదేళ్లు నడిపిన మనిషి చివరి ట్రిప్పు ఇది," అన్నాడు. "సిస్టమ్ ఒప్పుకుంది. రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ తేదీ పద్నాలుగే. గాలి బాగుంటే యూటీసీలో కూడా పన్నెండు కొట్టకముందే దిగుతాడు. నువ్వు ఎందుకింత పట్టుదలగా ఉన్నావు?"

"గాలి బాగుండకపోతే?" అన్నాను.

"నలుగురు పైలట్లు ఉంటారు కదా. కావాలంటే చివరి గంటలు ఆయన, పైలట్ల విశ్రాంతికి ఉండే బంక్‌లో పడుకుంటాడు."

"బంక్‌లో పడుకున్నా ఆయన డ్యూటీలో ఉన్న పైలటే సార్. అందులోనూ విమానానికి పెద్ద. దిగేటప్పుడు ఏదైనా జరిగితే, ఆ విమానంలో పైలట్ వయసు దాటిందా లేదా అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. ఇండియా టైములో దాటింది. యూటీసీలో దాటింది. దిగిన ఊరి టైములో మాత్రం దాటలేదని మనం చెప్పాలి. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ మాట ఒప్పుకుంటారా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి మా మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ నేల వైపు చూశాడు.

"విమానయాన నియంత్రణ సంస్థకు రాసి అడుగుదాం," అన్నాను.

"అడిగితే జవాబు వచ్చేసరికి ఆయన రిటైరై మూడు నెలలు అవుతుంది."

"అయితే అన్ని గడియారాలూ ఒప్పుకునే విమానమే ఇద్దాం. ఏదో ఒక గడియారం పదిహేను అంటుంటే, ఆ విమానం నా చేతి మీదుగా వెళ్లదు సార్. మీరు సంతకం పెట్టి పంపుతానంటే, నా అభ్యంతరం రాసిస్తాను, దాంతో పాటు పంపండి."

అంత మాట నా నోట్లోంచి వస్తుందని వచ్చేదాకా నాకే తెలియదు. గది బయటికి వచ్చాను. మేనేజర్ నా వెనకే వచ్చి, "రేపు సాయంత్రం వరకు టైము. వేరే దారి చూపించు. లేకపోతే ఆయన చెప్పినట్టే పోతుంది," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా ముఖం చూసి, "ఏంది, లొల్లి అయిందా?" అన్నాడు. అన్నం తింటూ మొత్తం చెప్పాను. దినరేఖ అంటే ఏమిటో చెప్పడానికి కంచంలో అప్పడం పెట్టి, నడుమ వేలితో గీత గీశాను. ఈ పక్క పదిహేను, ఆ పక్క పద్నాలుగు.

"గీత దాటితే మనిషి వయసు తగ్గుతదా?" అన్నాడు.

"తగ్గదు బాపు. ఒంటికి పదహారు గంటలు గడిస్తే పదహారు గంటలే. గీత ఇటు దాటినా అటు దాటినా ఒక్క నిమిషం పెరగదు, తరగదు. మారేది తారీఖు పేరే."

"మరి పేరు కోసం ఆయన్ను ఎందుకు ఆపుతున్నవ్?"

"రూలు చూసేది ఆ పేరునే కాబట్టి."

బాపు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. తర్వాత నేనెప్పుడూ వినని ముచ్చట ఒకటి చెప్పాడు. ఆయన రిటైరయిన నెల ఆఖరి రోజున, ఎన్నో ఏళ్లుగా నడిపిన నైట్ సర్వీసు తనకే ఇవ్వమని డిపోలో అడిగాడట. బస్సు ఆ రాత్రి బయలుదేరి తెల్లారి అవతలి ఊరు చేరుతుంది. అప్పటికి ఒకటో తేదీ వచ్చేస్తుంది, ఆయన ఉద్యోగంలో ఉండడు. అందుకని ఇవ్వలేదు.

"ఇయ్యకపోవుడు తప్పు కాదు," అన్నాడు బాపు. "రూలు నాకూ ఎరుకే. నాకు బాధైంది వేరే. ఇయ్యం అన్నరు, అంతే. ఆ రోజు డిపోల ఖాళీగ కూసోబెట్టిన్రు. పగటి బస్సు ఏదన్న ఇస్తే నడిపేటోణ్ని గద. ఎవ్వరికీ ఆ సోయి రాలే."

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదని చెప్పను. బాగానే పట్టింది, ఎందుకంటే తెల్లారి చేయాల్సిన పని నాకు స్పష్టంగా కనిపించింది. అప్పటిదాకా నేను వద్దన్నాను. ఇవ్వడం గురించి ఆలోచించలేదు.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి ఆ నెల రోస్టర్ మొత్తం విప్పాను. పదో తేదీన అదే విమానం ఉంది. పది మధ్యాహ్నం లేచి, అక్కడ పది సాయంత్రమే దిగుతుంది. రెండు రాత్రులు విశ్రాంతి. పన్నెండు రాత్రి అక్కడ లేచి పడమటికి తిరిగి వస్తుంది. వచ్చేటప్పుడు దినరేఖ దాటితే తేదీ ముందుకు దూకుతుంది కాబట్టి ఆ లెక్క రెండుసార్లు వేశాను. పదిహేడు గంటలు ప్రయాణం చేసి పద్నాలుగు తెల్లవారుజామున బెంగళూరులో దిగుతుంది. అప్పటికి యూటీసీలో ఇంకా పదమూడే. ఏ గడియారంలో చూసినా పదిహేను రాదు. నాలుగైదు గంటలు ఆలస్యమైనా రాదు. పైగా వెళ్లేటప్పుడే కాదు, వచ్చేటప్పుడు కూడా ఆయనే నడపొచ్చు.

అయితే ఆ ట్రిప్పు మరో కెప్టెన్‌ది. ఆవిడ ఢిల్లీలో ఉంటుంది. ఫోన్ చేసి అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. పద్నాలుగున వెళ్తే ఆ వారం చివర తమ్ముడి ఇంట్లో ఫంక్షన్ తప్పిపోతుందని చెప్పింది. నేను బతిమాలలేదు. కెప్టెన్ సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ, "నన్ను కో-పైలట్‌గా ఉన్నప్పుడు మొదటిసారి ల్యాండింగ్ చేయనిచ్చింది ఆయనే. మార్చేయండి," అంది.

విశ్రాంతి గంటలు, నెల మొత్తం ఎగిరిన గంటలు, మెడికల్ గడువు అన్నీ ఇద్దరికీ సరిపోయాయి. ఇక కెప్టెన్ ఒప్పుకోవాలి. ఫోన్ చేస్తే, తాను అక్క ఇంటికి వచ్చానని, వీలైతే అక్కడికే రమ్మని అన్నాడు.

మొఘల్‌పురాలో ఆ ఇల్లు సందులో సందు లోపల ఉంది. కింద గోదాము, అందులో గోనెసంచుల్లో బిందెలు, తపేలాలు. మెట్లెక్కితే మధ్యలో ఆకాశం కనిపించే నడవా. అక్కకు డెబ్బై దాటి ఉంటాయి. నన్ను కూర్చోబెట్టి ఇరానీ చాయ్ తెప్పించింది. కెప్టెన్ ఇంట్లో లుంగీ బనీనులో ఉంటే గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది.

"నీ మీద గుస్సా లేదు," అన్నాడు. "చెప్పు."

కాగితం పరిచి పదో తేదీ ట్రిప్పు చూపించాను. ఆయన లెక్కంతా ఒకసారి తన వేలితో మళ్లీ నడిపించాడు. లెక్క అయ్యాక కూడా తల ఎత్తలేదు.

"పద్నాలుగు ఎందుకు అడిగిన్నో తెలుసా?" అన్నాడు. "గీత దాటినప్పుడల్లా నాకు మస్తు నవ్వొచ్చేది. ఒక రోజు ఫ్రీగ దొరికినట్టు. మొత్తం సర్వీసుల ఎన్ని దొరికినయో, తిరిగొచ్చేటప్పుడు అన్ని పోగొట్టుకున్న. ఈసారి మాత్రం దొరికింది నా చేత్తోని పోగొట్టద్దు అనుకున్న. ఇండియాల అందరూ నాకు అరవై అయిదు అనుకుంటుంటరు. నేను అక్కడ అరవై నాలుగుల దిగుత."

అక్క ఈ మాటలన్నీ వింటూ తమలపాకులు తుడుస్తోంది. "వాడు పుట్టిన రాత్రి నాకు యాదికుంది బిడ్డా," అంది నాతో. "సెకండ్ షో ఇంక విడిచిపెట్టలే. బయట సందంతా ఖాళీ. మంత్రసాని బయటికొచ్చి, తారీఖు మారకముందే వచ్చిండు మీ తమ్ముడు, అన్నది. ఇంకొంచెం ఆగి ఉంటే పదహారు అయ్యేది."

"చూసినవా," అన్నాడు కెప్టెన్. "పది నిమిషాలు ఆగి ఉంటే ఈ లొల్లే లేకుండె."

నేను ఆలోచించాను. పదహారు అయితే పద్నాలుగున దిగే విమానానికి ఏ గడియారమూ అడ్డు చెప్పదు. ఆ మాట నిజమే.

"ఆగలేదు గద సార్," అన్నాను. "పదిహేను అని రాయించిన్రు. మీరు ఇంతకాలం ఆ తారీఖుతోనే పరీక్షలు రాసిన్రు, లైసెన్సు తీసుకున్నరు, ప్రమోషన్లు తీసుకున్నరు. ఆఖరికి వచ్చినంక పది నిమిషాల కోసం దాన్ని అటూ ఇటూ గుంజొద్దు."

నేను చెప్పాల్సిన దానికన్నా గట్టిగా చెప్పానేమో. కప్పు కింద పెట్టాను. అక్క తమ్ముడి వైపు చూసింది.

"పిల్ల ఉన్న మాట చెప్పింది," అంది. "ఎక్కడ దిగుతవ్ అన్నది గాదు. నువ్వు దిగినంక ఎవడన్న వేలు చూపి, ఈ ముసలోడు రూలు తప్పిండు అంటే, గప్పుడు ఏం చేస్తవ్?"

కెప్టెన్ లేచి నడవాలోకి వెళ్లి పైకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వచ్చి కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

"తిరిగొచ్చేటప్పుడు ల్యాండింగ్ నాదే ఉండాలె. కో-పైలట్‌కు ఇయ్య," అన్నాడు.

"అది మీరూ మీ సిబ్బందీ చూసుకునేది సార్. నేను వేసేది పేర్లే," అన్నాను. అప్పుడు నవ్వాడు.

ఆ సాయంత్రం మార్పు చేసిన రోస్టర్ మేనేజర్ ముందు పెట్టాను. విభాగం పెద్ద రెండు నిమిషాలు చూసి సంతకం పెట్టాడు. మరునాడు నన్ను పిలిచి, మాన్యువల్‌లో ఆ రూలు పక్కన ఏం రాయాలో రాసి తెమ్మన్నాడు. రెండు వాక్యాలు రాశాను. పైలట్ వయసు లెక్కలో పుట్టిన తేదీ మొదలయ్యే అర్ధరాత్రినే చూడాలి, పుట్టిన టైము చూడకూడదు. లేచిన ఊరు, దిగే ఊరు, ఇండియా, యూటీసీ, వీటిలో ఆ తేదీ ఎక్కడ ముందుగా వస్తే అంతకుముందే డ్యూటీ మొత్తం ముగియాలి. దినరేఖ దాటడం వల్ల దొరికే రోజును లెక్కలోకి తీసుకోకూడదని మూడో వాక్యం ఆయనే కలిపాడు.

కెప్టెన్ పదిన వెళ్లాడు. పద్నాలుగు తెల్లవారుజామున నేను డ్యూటీలో లేను, అయినా ఫోన్లో విమానం గుర్తును చూస్తూ కూర్చున్నాను. బాపు కూడా లేచి పక్కన కూర్చున్నాడు. విమానం బంగాళాఖాతం మీదికి వచ్చాక, "ఇగ మనూళ్లకొచ్చిండు," అన్నాడు. బెంగళూరు దగ్గర పొగమంచు వల్ల కాసేపు గాలిలోనే తిరగాల్సి వచ్చింది. గుండ్రంగా తిరుగుతున్న ఆ గుర్తును చూస్తుంటే, ఇదే ఆలస్యం ఆ పద్నాలుగో తేదీ ట్రిప్పులో అయి ఉంటే ఎన్నిసార్లు గడియారం చూసేదాన్నో అనుకున్నాను. ఇప్పుడు మాత్రం ఏ తొందరా లేదు. ఎన్నిసార్లు తిరిగినా ఆయన వయసు అరవై నాలుగే.

దిగాక ఆయన ఫోన్ చేశాడు. వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

"ల్యాండింగ్ నేనే చేసిన," అన్నాడు. "కొంచెం గట్టిగ పడ్డది."

"రాసుకోమంటరా సార్?"

"వద్దు," అన్నాడు. "అక్కకు చెప్పకు."

మరుసటి రోజు పదిహేను. ఆయన మొఘల్‌పురాకు వచ్చి, అక్క వండిన పప్పు, పచ్చిపులుసు తిని, మధ్యాహ్నం పూట బోర్లా పడుకుని నిద్రపోయాడని అక్కే నాకు ఫోన్ చేసి చెప్పింది. రాత్రి సెకండ్ షో వేళకు లేపి స్వీటు తినిపిస్తానని, అప్పటిదాకా వాడికి అరవై నాలుగే అని, ఈ ఇంటి లెక్క తనదని అంది. ఆ ఇంట్లో విమానాలు నడిపేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

ఇప్పుడాయన బెంగళూరులో సిమ్యులేటర్ మీద కొత్త పైలట్లకు పాఠాలు చెప్తున్నాడు. నేలను వదలని యంత్రం అది, దానికి ఈ వయసు అడ్డు లేదు. మొన్న ఒక ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, మా ఆఫీసుకు వచ్చినప్పుడు, దినరేఖ గురించి తమ క్లాసులో కెప్టెన్ ఒక పూట మొత్తం చెప్పాడని, ప్రశ్న అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారని అన్నాడు.

"ఏం ప్రశ్న?" అని అడిగాను.

"అర్ధరాత్రికి కొద్దిగా ముందు పుట్టినవాడు గీత దాటితే వయసు పెరుగుతుందా, తగ్గుతుందా అని."

"మీరేం చెప్పారు?"

"తగ్గుతుందన్నాను. ఆయన నన్ను నిలబెట్టి, శంషాబాద్‌కు వెళ్లి రోస్టర్ వేసేవాళ్లను అడిగి రమ్మన్నాడు."

కుర్చీ చూపించి కూర్చోమన్నాను. తెల్లకాగితం ఒకటి తీసుకుని, నడుమ గీత గీసి, ఇటు పదిహేను, అటు పద్నాలుగు రాశాను.